కృష్ణానది నీళ్ళు ఏ సముద్రానివి?

బడులు తెరిచి పట్టుమని నెల తిరగకుండానే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు "జలచక్రం మీద ప్రాజెక్టు చేసుకు రమ్మన్నారు" అంటూ ఇంటికి వస్తారు. ఆ సాయంత్రమే తండ్రి థర్మోకోల్ షీటు తెస్తాడు. తల్లి దిండులోంచి దూది తీసి మేఘాలు అతికిస్తుంది. సముద్రానికి నీలిరంగు, కొండకు పచ్చరంగు, మధ్యలో మూడు బాణాలు గీస్తే ప్రాజెక్టు సిద్ధం. మార్కులు కూడా వస్తాయి. అయితే ఆ బొమ్మను ఒక్క ప్రశ్న అడిగి చూడండి. సముద్రం ఏడాది పొడుగునా ఆవిరవుతూనే ఉంది కదా, మరి మనకు వాన ఎక్కువగా జూన్ నుండి సెప్టెంబరు వరకే ఎందుకు కురుస్తుంది? ఒకే గాలి వీస్తున్నప్పుడు మహాబలేశ్వర్‌లో ఏడాదికి అయిదున్నర వేల మిల్లీమీటర్లకు పైగా పడి, అనంతపురంలో 550 మిల్లీమీటర్ల దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? దూది మేఘం వీటికి జవాబు చెప్పలేదు. ఈ వారం ఆ జవాబు వెదుకుదాం. అందుకు కృష్ణానదిని ఉదాహరణగా తీసుకుందాం. ఆ నది అరేబియా సముద్రానికి దాదాపు 64 కిలోమీటర్ల దూరంలోనే పుట్టి, ఆ సముద్రానికి వీపు తిప్పి, 1,400 కిలోమీటర్లు తూర్పుకు నడిచి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. జలచక్రాన్ని ఇంత తేటగా చూపించే నది మనకు మరొకటి దొరకదు.

మొదట ఆవిరి సంగతి. నీరు మరిగితేనే ఆవిరవుతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఆరేసిన బట్టలు మరుగుతున్నాయా? లేదు, అయినా ఆరిపోతున్నాయి. నీటి పైపొరలోని అణువులలో కొన్ని మిగతావాటికంటే వేగంగా కదులుతూ గాలిలోకి ఎగిరిపోతాయి. ఇదే బాష్పీభవనం. దీనికి చాలా వేడి ఖర్చవుతుంది. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీల దాకా కాచడానికి 70 కేలరీలు చాలు. అదే గ్రాము నీరు 30 డిగ్రీల దగ్గర ఉండగానే ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీలు కావాలి, అంటే ఎనిమిది రెట్లకు పైగా. ఈ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరిలోనే దాగి ఉంటుంది. అందుకే పాఠ్యపుస్తకాలలో దీనిని గుప్తోష్ణం అన్నారు. ఆవిరి తిరిగి నీరయినప్పుడు ఆ వేడి అంతా బయటపడుతుంది. ఈ మాటను గుర్తుంచుకోండి, వానాకాలం ఎందుకు నాలుగు నెలలు నిలుస్తుందో చెప్పడానికి ఇది మళ్ళీ అవసరమవుతుంది.

సముద్రపు నీరు ఉప్పన, వాన నీరు తియ్యన. కారణం ఇంట్లోనే చూడవచ్చు. వెడల్పాటి స్టీలు పళ్ళెంలో చెంచాడు ఉప్పు కలిపిన నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. రెండు మూడు రోజులకు నీరు పోతుంది, ఉప్పు అడుగున మిగిలిపోతుంది. ఉప్పుకొఠార్లలో జరిగేది ఇదే.

మరొక పొరపాటు కూడా ఇక్కడే సరిదిద్దాలి. నీటి ఆవిరి కంటికి కనబడదు. కెటిల్ మూతి దగ్గర లేచే తెల్లని పొగను మనం ఆవిరి అంటాం గాని, అది ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి ఏర్పడిన సన్నని నీటి తుంపరలు. కెటిల్ మూతికీ ఆ తెల్లని పొగకూ మధ్య వేలెడంత ఖాళీ జాగా ఉంటుంది, జాగ్రత్తగా చూడండి. అసలు ఆవిరి ఉన్నది ఆ ఖాళీలోనే. పెద్దవాళ్ళు దగ్గర ఉండి చూపించండి, వేలు పెట్టనివ్వకండి. ఆకాశంలో మేఘం కూడా అంతే. మేఘమంటే ఆవిరి కాదు, ఆవిరి నీరుగా మారిన చోటు. ప్రాజెక్టు బొమ్మలో సముద్రం నుండి మేఘం దాకా తెల్లని దూది పోగులు లాగడం తప్పు. అక్కడ కనిపించని ఆవిరి ఉందని చుక్కల గీతతో చూపిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఆవిరి ఎందుకు నీరవుతుందో చూద్దాం. వేడి గాలిలో ఎక్కువ ఆవిరి ఇముడుతుంది, చల్లని గాలిలో తక్కువ ఇముడుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు జాగాలో సుమారు 30 గ్రాముల ఆవిరి ఉండగలదు. 20 డిగ్రీలకు వస్తే 17 గ్రాములే, 10 డిగ్రీలకు వస్తే 9 గ్రాములే. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసు వెలుపల చెమ్మ పట్టేది అందువల్లనే. గ్లాసును తాకిన గాలి చల్లబడి, తనలో ఇమడని ఆవిరిని నీరుగా వదిలేసింది.

మరి ఆకాశంలో గాలిని చల్లబరిచేది ఎవరు? అక్కడ ఫ్రిజ్ లేదు కదా. గాలి పైకి లేస్తే చాలు, దానంతట అదే చల్లబడుతుంది. పైకి పోయేకొద్దీ దానిమీది ఒత్తిడి తగ్గి, అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి తనలోని వేడినే ఖర్చు చేస్తుంది. సైకిల్ ట్యూబు వాల్వు వదిలినప్పుడు బుస్సున వచ్చే గాలి చల్లగా తగులుతుంది. పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది. మొదటిది వ్యాకోచం, రెండోది సంకోచం. మేఘం కట్టని గాలి ప్రతి వెయ్యి మీటర్లు పైకెక్కితే దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. అదే గాలి మళ్ళీ వెయ్యి మీటర్లు కిందికి దిగితే 10 డిగ్రీలు వేడెక్కుతుంది. జలచక్రం పాఠంలో ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతా సగం పాఠం దానంతటదే వస్తుంది. మన పుస్తకాలు దీనికి ఒక్క వాక్యమే కేటాయించడం నాకెప్పుడూ వెలితిగానే తోస్తుంది.

ఇక సముద్రపు గాలి మన దేశం మీదికి ఎందుకు వస్తుందో చూద్దాం. ఏప్రిల్, మే నెలల ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది, ఎందుకంటే నీటిని వేడిచేయడానికి ఎక్కువ వేడి కావాలి, పైగా అలలు ఆ వేడిని లోతుకు కలిపేస్తాయి. వేడెక్కిన నేలమీది గాలి తేలికై పైకి లేస్తుంది, అక్కడ పీడనం తగ్గుతుంది. పీడనం ఎక్కువగా ఉన్న సముద్రం వైపు నుండి గాలి ఇటు కదులుతుంది. ఈ గాలి దగ్గరలోని సముద్రం నుండి మాత్రమే రాదు. భూమధ్యరేఖకు దక్షిణాన ఆగ్నేయం నుండి వీచే వ్యాపార పవనాలు ఆఫ్రికా తూర్పు తీరం పక్కగా రేఖను దాటి ఉత్తరార్ధగోళంలోకి వస్తాయి. భూభ్రమణం వల్ల ఇక్కడ కదిలే గాలి తన కుడిచేతి వైపుకు తిరుగుతుంది. అలా తిరిగి, సోమాలియా తీరం పక్కగా వడిపెంచుకుని, అరేబియా సముద్రం మీదుగా నైరుతి మూల నుండి మన పశ్చిమ తీరాన్ని తాకుతుంది. ఇవే నైరుతి రుతుపవనాలు. ఎడ్మండ్ హేలీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, తోకచుక్కకు పేరు వచ్చిన ఆయనే, 1686లో ఈ గాలుల పటం గీసి, నేలా నీళ్ళూ వేర్వేరుగా వేడెక్కడమే కారణమని రాశాడు.

ఇక్కడ తెలివైన పిల్లవాడు ఒక ప్రశ్న వేయాలి. వేయకపోతే మీరే వేయించండి. ఎండే కారణమయితే, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలోనే కుండపోతగా కురవాలి కదా? మే నెలలో నేల జూలైలో కంటే వేడిగా ఉంటుంది. అయినా వాన జూలైలోనే ఎక్కువ. జూలై నాటికి నేల చల్లబడ్డాక కూడా గాలి ఎందుకు ఆగదు? దీనికి జవాబు మనం గుర్తుంచుకోమన్న గుప్తోష్ణంలో ఉంది. ఆవిరి నింపుకున్న సముద్రపు గాలి లోపలికి వచ్చి, పైకి లేచి, మేఘమై నీరయినప్పుడు, సముద్రం మీద దాచుకున్న వేడిని అయిదారు కిలోమీటర్ల ఎత్తున విడిచిపెడుతుంది. దానివల్ల పై గాలి వేడెక్కి ఇంకా పైకి లేస్తుంది, ఆ చోటును నింపడానికి కింద నుండి మరింత సముద్రపు గాలి వస్తుంది. ఎండ పొయ్యి రాజేస్తే, వాన ఆ పొయ్యిలోకి కట్టెలు అందిస్తూ ఉంటుందన్నమాట. ఉత్తరాన హిమాలయాలు ఆసియా నడుమ నుండి వచ్చే పొడి చలిగాలిని లోపలికి రానివ్వవు గనుక ఆ పొయ్యి ఆరిపోదు. మే నెలలో వేడి ఉంది గాని, ఆవిరి ఇంకా లోపలికి చేరలేదు. అప్పుడప్పుడు సాయంత్రం గాలిదుమారంతో ఒక జల్లు పడి ఊరుకుంటుంది.

సాధారణంగా ఈ గాలి జూన్ 1 ప్రాంతాల కేరళను తాకుతుంది. ఏ ఏడూ తారీఖు పట్టుకుని రాదు. 2009లో మే 23నే వచ్చింది, 2024లో మే 30న వచ్చింది. త్వరగా వచ్చిందంటే బాగా కురుస్తుందని అర్థం కాదు. ముందే వచ్చిన ఆ 2009లోనే దేశం మొత్తం మీద వర్షం మామూలుకంటే 22 శాతం తక్కువగా పడింది.

ఇప్పుడు మహాబలేశ్వర్ చేరుకుందాం. సహ్యాద్రి, అంటే పశ్చిమ కనుమలు, కొంకణ తీరానికి సమాంతరంగా గోడలా నిలబడి ఉన్నాయి. "మేఘాలు కొండలను ఢీకొని పగిలి వర్షిస్తాయి" అని పిల్లలు కంఠతా పట్టి చెబుతారు. మేఘం కుండ కాదు పగలడానికి. కొండ చేసే పని ఒక్కటే, గాలిని పైకి ఎక్కించడం. తీరం దగ్గర గాలి 28 డిగ్రీల వేడిగా ఉందనుకోండి. ఒక్కొక్క కిలో గాలిలో 19 గ్రాముల ఆవిరి ఉందనుకోండి. అది కొండవాలు ఎక్కుతూ 500 మీటర్ల ఎత్తు చేరేసరికి 23 డిగ్రీలకు చల్లబడుతుంది. ఆ ఎత్తులో, ఆ చల్లదనంలో అంతకుమించి ఆవిరి ఇమడదు. అక్కడి నుండి మేఘం కడుతుంది. కింద నుండి చూసేవారికి మేఘాల అడుగు బల్లపరుపుగా, అదే ఎత్తున గీత గీసినట్టు కనబడేది ఇందువల్లనే.

అక్కడి నుండి పైకి చల్లబడే వేగం తగ్గుతుంది. నీరవుతున్న ఆవిరి తన వేడిని వదులుతోంది కదా. ఇంత తేమ గల గాలి వెయ్యి మీటర్లకు నాలుగు డిగ్రీలే చల్లబడుతుంది. 1,400 మీటర్ల శిఖరం చేరేసరికి గాలి సుమారు 19 లేదా 20 డిగ్రీలకు వస్తుంది. అప్పుడు కిలో గాలిలో 17 గ్రాముల ఆవిరే ఇముడుతుంది. మిగతా రెండు గ్రాములు నీరయ్యాయి.

"రెండు గ్రాములేనా? దానికే అంత వానా?" అని మీవాడు పెదవి విరుస్తాడు. అప్పుడు కాగితం, పెన్సిలు తీయించండి. సెకనుకు 10 మీటర్ల వేగంతో, అంటే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోందనుకుందాం. ఒక మీటరు వెడల్పు, వెయ్యి మీటర్ల ఎత్తు ఉన్న కిటికీ గుండా సెకనుకు పది వేల ఘనపు మీటర్ల గాలి కొండ ఎక్కుతుంది. ఒక్కొక్క ఘనపు మీటరు గాలి బరువు అక్కడ ఇంచుమించు 1.1 కిలో. అది విడిచే నీరు 2.2 గ్రాములు. పది వేలతో హెచ్చిస్తే 22 వేల గ్రాములు, అంటే సెకనుకు 22 లీటర్ల నీరు. రోజుకు 86,400 సెకన్లు గనుక రోజు మొత్తానికి 19 లక్షల లీటర్లు. ఈ నీరంతా మీటరు వెడల్పు, 30 కిలోమీటర్ల పొడవు ఉన్న కొండవాలు మీద పడితే చదరపు మీటరుకు 63 లీటర్లు వస్తాయి. చదరపు మీటరు మీద ఒక లీటరు పడితే అది ఒక మిల్లీమీటరు వాన. కనుక రోజుకు 63 మిల్లీమీటర్లు. ఇలా ఒక్క నెల వీస్తే రెండు వేల మిల్లీమీటర్లకు చేరువవుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. మేఘాలు శిఖరంకంటే ఎంతో ఎత్తుకు పోయి ఇంకా నీరు విడుస్తాయి, మరో పక్క మేఘంలోని నీరంతా కిందపడదు, గాలి కూడా రోజూ ఒకేలా వీయదు. అయినా మహాబలేశ్వర్‌లో ఎందుకు అంత కురుస్తుందో ఈ లెక్కతో బోధపడుతుంది.

ఈ లెక్క మరో సంగతి కూడా చెబుతుంది. వాన ఆకాశంలో నిలవ ఉండి కురిసేది కాదు. వానాకాలంలో మన నెత్తిమీది ఆకాశంలో, అడుగు నుండి పైదాకా ఉన్న ఆవిరినంతా పిండినా అరవై మిల్లీమీటర్ల ప్రాంతానికి మించదు. ఆవిరయిన నీరు సగటున తొమ్మిది పది రోజులకు మించి గాలిలో ఉండదు. అందువల్ల గాలి ఆగితే వాన ఆగుతుంది. జలచక్రంలో మనం మరిచిపోయే నాలుగో బాణం ఇదే, ఆవిరిని ఒకచోటి నుండి మరొకచోటికి మోసే గాలి. సముద్రాల నుండి లేచే ఆవిరిలో పదింట తొమ్మిది వంతులు తిరిగి సముద్రం మీదనే వానగా పడిపోతుంది. మిగిలిన ఆ ఒక్క వంతును నేల మీదికి తెచ్చేది గాలి.

ఆవిరి నీరవడం ఒక ఎత్తు, ఆ నీరు వానై పడడం మరొక ఎత్తు. మేఘంలోని బిందువులు మిల్లీమీటరులో నూరోవంతు, యాభయ్యో వంతు ఉంటాయి. ఒక్కొక్కటి గాలిలోని ధూళి రేణువు చుట్టూనో, అలల తుంపర నుండి ఎగిరిన ఉప్పు రేణువు చుట్టూనో కడుతుంది. అంత చిన్నవి కిందికి రాలవు, పైకి లేచే గాలే వాటిని మోస్తుంది. అవి ఒకదానితో ఒకటి కలిసి పెరగాలి. ఒక్క వానచినుకు కావడానికి దాదాపు పది లక్షల మేఘబిందువులు కావాలి. అందుకే కమ్మిన ప్రతి మబ్బూ కురవదు.

ఇక కొండ దాటిన గాలిని చూద్దాం. 1,400 మీటర్ల నుండి 700 మీటర్లకు దిగిందనుకోండి. దిగితే వేడెక్కుతుంది, 700 మీటర్లకు 7 డిగ్రీలు. శిఖరం దగ్గర 19.5 డిగ్రీలు ఉన్నది ఇప్పుడు 26.5 డిగ్రీలయింది. ఆ ఎత్తులో, ఆ వేడిలో కిలో గాలికి 24 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. ఉన్నదేమో 17 గ్రాములు. ఇంకా ఏడు గ్రాములు తాగే దప్పిక ఉన్న గాలి వానెలా ఇస్తుంది? ఉన్న మబ్బులనే కరిగించేస్తుంది. పక్కకొండ ఎక్కేటప్పుడు అదే ఎత్తున 22 డిగ్రీలు ఉన్న గాలి, దిగేటప్పుడు నాలుగు డిగ్రీలు వేడిగా ఉందని గమనించండి. మహాబలేశ్వర్‌కు తూర్పున ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న పంచగనిలో వాన మూడో వంతుకు తగ్గిపోతుంది. ఇంకా కిందికి దిగి వాయి పట్టణం చేరితే అందులో సగం కూడా ఉండదు. ఒకే రోజు బస్సులో గొడుగు వేసుకుని ఎక్కి, ఎండలో దిగవచ్చు. ఈ పొడి ప్రాంతాన్నే వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. కర్ణాటక నడిభాగం మీదుగా సాగి మన అనంతపురం, కర్నూలు జిల్లాల దాకా ఈ నీడ పడుతుంది. రాయలసీమలో జూన్, జూలైలలో గాలి విసురుగా వీస్తుంది, మబ్బులు పరుగెడతాయి, చినుకు పడదు. ఇప్పుడు దానికి కారణం తెలిసింది కదా.

అయితే ఆ కొండమీద పడిన నీరు ఎటు పోయింది? పడమటి వాలున పడింది గబగబా అరేబియా సముద్రానికి తిరిగిపోయింది. శిఖరానికి ఇవతల పడింది తూర్పుకు పారి కృష్ణ అయింది. గాలి మనకు ఇవ్వని నీటిని నది మోసుకు వస్తుంది. అందుకే కర్నూలులో ఎండ కాస్తుండగానే ఆలమట్టి గేట్లు ఎత్తారనే వార్త వస్తుంది, తరువాత జూరాల, ఆపైన శ్రీశైలం, నాగార్జునసాగరం నిండుతాయి. కృష్ణా డెల్టా రైతు తన ఊరి ఆకాశంకంటే ఎక్కువగా మహారాష్ట్ర ఆకాశాన్ని చూసేది ఇందుకే. ప్రకాశం బ్యారేజీ కింద నారుమడి తడిపే నీటిలో ఎంతో భాగం ఒకప్పుడు అరేబియా సముద్రంలోనిది. మిగిలిన నీరు హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి పోతుంది. ఒక సముద్రంలో బయలుదేరిన నీరు మరో సముద్రానికి చేరింది. నది పొడుగునా చెరువుల నుండి, తడి నేల నుండి, పైరుల ఆకుల నుండి కొంత మళ్ళీ ఆవిరై లేస్తుంది. ఆకుల నుండి లేచేదాన్ని బాష్పోత్సేకం అంటారు. కొంత భూమిలోకి ఇంకి బావులకు ఊట అవుతుంది. చక్రం అన్నాం గాని, ఇది గుండ్రని చక్రం కాదు, ఎన్నో అడ్డదారులున్న ప్రయాణం.

తెలంగాణకూ, ఉత్తర కోస్తాకూ మంచి వానలు చాలావరకు మరో దారిన వస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడినప్పుడు నాలుగు పక్కల నుండి గాలి దానిలోకి చేరుతుంది. చేరిన గాలి కిందికి పోలేదు గనుక పైకి లేస్తుంది. ఇక్కడ కొండ లేదు, కాని పని అదే: గాలి పైకి లేచింది, చల్లబడింది, కురిసింది. ఆ అల్పపీడనం ఒడిశా మీదుగా వాయవ్యంగా సాగుతూ తన దారి పొడుగునా తడుపుకుంటూ పోతుంది. అల్పపీడనాలు రాని వారాలలో శ్రావణమైనా నేల బీటలిస్తుంది. అక్టోబరు నాటికి గాలి ఎదురు తిరిగి ఈశాన్యం నుండి వీస్తుంది. అప్పుడది బంగాళాఖాతం మీదుగా వస్తూ ఆవిరి నింపుకుని నెల్లూరు, తిరుపతి వైపుల కురుస్తుంది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా ఇచ్చేది ఈ రెండో గాలే. 2009లో చూడండి, వానాకాలమంతా కరవు. తీరా అక్టోబరు మొదటి వారంలో బంగాళాఖాతం నుండి వచ్చిన అల్పపీడనం కృష్ణా, తుంగభద్రల మీద కుమ్మరించి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తింది. నాలుగు నెలల మొత్తం చూసి ఆ ఏడాదిని కరవు ఏడాది అంటే సరిపోదు, ఎప్పుడు ఎక్కడ పడిందన్నదే అసలు లెక్క.

ఇక ప్రాజెక్టు. దూది బొమ్మ వద్దనను. దాని పక్కన కొలిచిన అంకెలు పెట్టించండి. వానకొలిచే సాధనం ఇంట్లో చేయవచ్చు. నిటారుగా ఉన్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా అందులో పెట్టండి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, సీసా అడుగు నుండే స్కేలు అంటించడం. అడుగు గుంటలు మిట్టలుగా ఉంటుంది గనుక మొదటి అంగుళం లెక్క తప్పుతుంది. అడుగున గులకరాళ్ళు వేసి, నిటారు భాగం మొదలయ్యే దాకా నీళ్ళు పోసి, ఆ మట్టాన్ని సున్నా అనుకోండి. మరో తప్పు, బజారులో దొరికే పెద్ద గరాటును చిన్న సీసాకు పెట్టడం. గరాటు మూతి సీసాకంటే వెడల్పయితే నీటి మట్టం వానకంటే ఎక్కువ చూపిస్తుంది. సరిచూసుకోవడానికి టానిక్ సీసా మీది కొలత మూతతో నీటిని కొలవండి. గరాటు మూతి అడ్డంగా 10 సెంటీమీటర్లయితే, 1 మిల్లీమీటరు వానకు దాదాపు 8 మిల్లీలీటర్ల నీరు రావాలి. రెండు కొలతలూ కలవకపోతే సీసాలోనే ఏదో తేడా ఉంది.

సాధనాన్ని చూరు కింద, చెట్టు కింద పెట్టకండి. పక్కనున్న గోడ ఎంత ఎత్తో, కనీసం దానికి రెండింతల దూరంలో ఉంచండి. వాతావరణ శాఖ వారు ఉదయం 8.30 గంటలకు కొలుస్తారు. మీరూ అదే వేళకు కొలిచి, సున్నా అయితే సున్నా అని రాయండి. రాయని రోజూ, వాన లేని రోజూ ఒకటి కావు. రెండున్నర మిల్లీమీటర్లు, అంతకుమించి పడితేనే వారు దానిని వాన రోజుగా లెక్కిస్తారు. పక్కనే ఒక వెడల్పాటి స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో కూడా రాయండి. వాన పడిన రోజు గిన్నెలో తగ్గిన లెక్కకు ఆ వానను కలపాలి. కాకులు, కోళ్ళు తాగకుండా పైన వల కప్పండి, లేకపోతే ఆవిరి లెక్కలో కాకి దాహం కలిసిపోతుంది.

ఒకే విచారణకు చెందిన నాలుగైదు ఊళ్ళ పిల్లలు ఇలా ఎవరి ఊళ్ళో వారు కొలిచి, ఆదివారం కలిసినప్పుడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా బాగుంటుంది. అల్పపీడనం వాన అయితే అయిదు ఊళ్ళలోనూ కొంచెం హెచ్చుతగ్గులతో పడి ఉంటుంది. సాయంత్రం ఉరుములతో వచ్చిన వాన అయితే ఒక ఊళ్ళో 40 మిల్లీమీటర్లు, రెండు మైళ్ళ అవతల సున్నా కూడా ఉండవచ్చు. పొలాల మీద వేడెక్కిన గాలి అక్కడికక్కడే పైకి లేచి కట్టిన మబ్బు అది. ఏ వాన ఏ రకమో పిల్లలు ఆ కాగితం చూసి చెప్పగలిగితే, దానినే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాయించి, దూది మేఘం పక్కన అతికించండి.